రికవరీ నంబర్, రికవరీ మెయిల్ రెండూ చేజారాయి. జీమెయిల్ తిరిగి తెరవడానికి దారి ఉందా?

కొండగట్టువాసి
అందరికీ నమస్కారం. మాది జగిత్యాల దగ్గర పల్లె. దోహాలో ఏసీ మెకానిక్‌గా పనిచేస్తున్నాను. డిప్లొమా చదివేటప్పటి నుంచీ ఒకటే జీమెయిల్ వాడుతున్నాను. పాస్‌పోర్ట్ స్కాన్, ఎక్స్‌పీరియన్స్ సర్టిఫికెట్లు, పాప పుట్టినప్పటి ఫోటోలు అన్నీ అందులోనే ఉన్నాయి. ఇక్కడ కొత్త ఫోన్ కొని లాగిన్ అవుదామంటే పాస్‌వర్డ్ తప్పంటోంది. సరే, మర్చిపోయాను అని నొక్కితే 41తో ముగిసే నంబర్‌కి కోడ్ పంపుతానంటుంది. అది నా పాత ఇండియా నంబర్. ఎనిమిది నెలల క్రితం ఇక్కడికి వచ్చాక రీచార్జ్ చేయలేదు, ఇప్పుడు పనిచేయడం లేదు. `Try another way` నొక్కితే రికవరీ మెయిల్ చూపిస్తుంది. అది మా కాలేజీ వాళ్లిచ్చిన మెయిల్. వాళ్లు పాత విద్యార్థుల మెయిళ్లన్నీ తీసేశారట. ఇంకోసారి నొక్కితే `Couldn’t sign you in` అని వచ్చి ఆగిపోతుంది. పాత ఫోన్ పాడైపోయింది. కంపెనీ మారడానికి సర్టిఫికెట్లు వెంటనే కావాలి. చాలా టెన్షన్‌గా ఉంది. తెలిసినవాళ్లు చెప్పండి.

గోదారిగట్టు
తమ్ముడూ, ఖంగారు పడకు. ఇలాంటిది నాకూ జరిగింది. వీపీఎన్ పెట్టి ఇండియా లొకేషన్ చూపించు. బ్రౌజర్లో కుకీలన్నీ తుడిచేసి, ఇన్‌కాగ్నిటోలో `g.co/recover` తెరిచి రోజూ ప్రయత్నిస్తూ ఉండు. వేరేవాళ్ల ఫోన్ల నుంచి కూడా చెయ్యి. ఎప్పుడో ఒకప్పుడు వదులుతుంది. నాకు అలాగే వచ్చింది.

తాటిముంజ
ఫోన్ పోతే ముందు పోలీస్ స్టేషన్లో కంప్లైంట్ ఇవ్వాలి. ఆ రసీదుతో `ceir.gov.in`లో ఐఎంఈఐ నంబర్ కొట్టి ఫోన్ బ్లాక్ చేయించండి. మా బావమరిది ఫోన్ అలాగే దొరికింది.

కొండగట్టువాసి
@తాటిముంజ, ఫోన్ ఎవరూ ఎత్తుకుపోలేదన్నా. కింద పడి పాడైంది. పోయిన సెలవులో ఊళ్లో చెల్లె ఇంట్లోనే వదిలేసి వచ్చాను.

నాగావళి
కొండగట్టువాసి గారూ, నేను హైదరాబాద్‌లో ఒక కంపెనీ ఐటీ హెల్ప్‌డెస్క్‌లో పనిచేస్తాను. రోజూ చూసే సమస్యే ఇది. నేను అడిగేవాటికి జవాబు దొరికేదాకా రికవరీ పేజీని మళ్లీ తెరవకండి.

ముందు గోదారిగట్టు గారు చెప్పిన దాని గురించి. `g.co/recover` సరైన చోటే, అందులో తేడా లేదు. మిగతావి మాత్రం వద్దండి. మీ చేతిలో నంబరూ మెయిలూ లేనప్పుడు గూగుల్ ఇంకేం చూస్తుంది? ఇదివరకు ఈ ఖాతా వాడిన ఫోనా లేక కంప్యూటరా, ఇదివరకు వాడిన బ్రౌజరేనా, ఇదివరకు వాడిన ఊరూ ఇంటి వైఫైయేనా, ఆఖరుగా గుర్తున్న పాస్‌వర్డ్ ఎంత దగ్గరగా ఉంది, ఇవే చూస్తుంది. కుకీలు తుడిస్తే ఆ బ్రౌజర్ మీదేనన్న గుర్తు మీరే చెరిపేసినట్టు. ఇన్‌కాగ్నిటోలో ఆ గుర్తు అసలు కనబడదు. వీపీఎన్ పెడితే మీ ఇంటి నెట్ కనిపించదు, ఎవరిదో సర్వర్ కనిపిస్తుంది. ఇండియా అని ఉన్నా అది మీ జగిత్యాల కాదు కదా. వేరేవాళ్ల ఫోన్ల నుంచి చేస్తే, ఎవరో దొంగ ప్రయత్నిస్తున్నాడనే అనుకుంటుంది.

ఇప్పుడు నాకు కావలసినవి. రెండంచెల భద్రత, అదే `2-Step Verification`, ఎప్పుడైనా ఆన్ చేశారా? ఆ పాత ఫోన్‌కి అసలు ఏమైంది, స్క్రీన్ వెలుగుతుందా, దాని పిన్ గుర్తుందా? దాన్ని ఎవరైనా రీసెట్ చేశారా? ఇంట్లో మీరు జీమెయిల్ తెరిచిన కంప్యూటర్ ఇంకేమైనా ఉందా? ఆ 41 నంబర్ సిమ్ ఎవరి పేరు మీద ఉంది?

గోదారిగట్టు
మేడమ్, నాకు మాత్రం అలా చేస్తేనే వచ్చింది మరి.

నాగావళి
వచ్చి ఉండొచ్చండి, కాదనను. మీ ప్రయత్నాల్లో ఏదో ఒకటి మీ సొంత ఫోన్‌లోనో ఇంట్లోనో చేసి ఉంటారు, అది పనిచేసి ఉంటుంది. ఎన్నిసార్లు కొట్టామన్నది లెక్కలోకి రాదు. పైగా వెంటవెంటనే కొడుతుంటే, ఇప్పుడు కాదు, తర్వాత రండి అని కొంతకాలం ఆపేస్తుంది. ఆ ఆగిన సమయంలో సరైన ఫోన్ చేతిలో ఉన్నా దారి మూసుకునే ఉంటుంది.

కొండగట్టువాసి
అక్కా, థాంక్స్. రెండంచెల భద్రత నేను ఆన్ చేసినట్టు గుర్తులేదు. పాత ఫోన్ శాంసంగ్. కింద పడ్డాక స్క్రీన్ మీద ఒక మూల పగిలింది. బొమ్మ కనిపిస్తుంది కానీ వేలితో నొక్కితే ఏమీ కదలదు. పిన్ గుర్తుంది. రీసెట్ ఎవరూ చేయలేదు, బీరువాలో పడి ఉంది. కంప్యూటర్ లేదు. సిమ్ మా నాన్న పేరు మీద ఉంది. ఊళ్లో షాపు అతను ఫ్లాష్ కొట్టి, అంటే సాఫ్ట్‌వేర్ మళ్లీ ఎక్కించి, బాగుచేస్తానన్నాడని చెల్లె చెప్పింది.

నాగావళి
ఫ్లాష్ వద్దని ఇప్పుడే ఫోన్ చేసి చెప్పండి! మీ ఖాతా తాళంచెవి ఆ బీరువాలోనే ఉంది.

మీరు అందులో జీమెయిల్ నుంచి బయటికి రాలేదు. అంటే ఆ ఫోన్ ఇంకా మీ ఖాతాలోనే ఉంది. సిమ్ చచ్చిపోయినా దానితో పనిలేదు, వైఫై ఉంటే చాలు. ఫ్లాష్ చేసినా, ఫ్యాక్టరీ రీసెట్ చేసినా ఖాతా అందులోంచి పోతుంది. ఆ తర్వాత ఫోన్ ఆన్ కాగానే అదే జీమెయిల్, అదే పాస్‌వర్డ్ అడుగుతుంది. అప్పుడు ఫోనూ పోతుంది, ఖాతా దారీ పోతుంది.

సెల్‌షాప్_కరీంనగర్
మేడమ్ చెప్పింది వంద శాతం కరెక్ట్. ఫోన్ల రిపేర్ నా పని, కాబట్టి టచ్ సంగతి నేను చెప్తాను.

డిస్‌ప్లే కనిపిస్తూ టచ్ ఒక్కటే పోతే డిస్‌ప్లే మార్చాల్సిన పని కూడా లేదు. ఓటీజీ అడాప్టర్ అని చిన్న ముక్క ఏ మొబైల్ షాపులో అయినా దొరుకుతుంది. ఒక వైపు ఫోన్ చార్జింగ్ పెట్టే చోట, రెండో వైపు మామూలు కంప్యూటర్ మౌస్. గుచ్చగానే స్క్రీన్ మీద బాణం గుర్తు వస్తుంది. పిన్ అంకెల మీద ఒక్కొక్కటిగా క్లిక్ చేయొచ్చు. ప్యాటర్న్ అయితే బటన్ నొక్కి పట్టుకుని గీయొచ్చు. మీ ఫోన్ పోర్ట్ టైప్-సీనా, పాతకాలం మైక్రోనా చూసి అడాప్టర్ తీసుకోమనండి, అందరూ అక్కడే పొరబడతారు.

ఇంకో మాట. ఓటీజీ పెట్టాక చార్జర్ పెట్టడానికి చోటుండదు. నెలల తరబడి పడి ఉన్న ఫోన్ కాబట్టి ముందు చార్జింగ్ పెట్టి కొన్ని గంటలు వదిలేయండి. మొదట్లో అరగంటదాకా ఏమీ వెలగకపోయినా భయపడొద్దు. బ్యాటరీ ఉబ్బి వెనక మూత లేచినట్టుంటే మాత్రం చార్జింగ్ పెట్టకండి, షాపుకి తీసుకెళ్లి బ్యాటరీ మార్పించండి. బ్యాటరీ మార్చినా, డిస్‌ప్లే మార్చినా డేటా పోదు. చెల్లెకి ఒక్క మాట చెప్పండి: షాపులో ‘సాఫ్ట్‌వేర్ కొడతాం’ అంటే వద్దనాలి.

ఫోన్ ఆఫ్ అయి ఆన్ అయినప్పుడు వేలిముద్ర తీసుకోదు, పిన్నే అడుగుతుంది. పిన్ ఊహించి కొట్టొద్దు. తప్పు కొట్టే కొద్దీ ఎదురుచూసే సమయం పెరుగుతూ పోతుంది.

ఓరుగల్లు_శీను
ఇంత కష్టం దేనికి? నాన్న ఆధార్ తీసుకుని ఆ కంపెనీ స్టోర్‌కి వెళ్తే అదే నంబర్‌తో డూప్లికేట్ సిమ్ రెండు గంటల్లో ఇస్తారు. ఓటీపీ వస్తుంది, అయిపోయింది.

నాగావళి
శీను గారూ, నంబర్ బతికి ఉంటే మీ దారే సులువు. సిమ్ విరిగిపోయిందో, పోగొట్టుకున్నారో అనుకోండి, ముందు అదే చేయాలి. ఎవరి పేరు మీద ఉందో వాళ్లే వెళ్లాలి. అక్కడా ఒక చిక్కుంది. కొత్త సిమ్ చేతికొచ్చినా మొదటి 24 గంటలు ఎస్ఎంఎస్‌లు రావు, పోవు. దొంగతనంగా డూప్లికేట్ సిమ్ తీసి బ్యాంకు ఓటీపీలు కొట్టేయకుండా పెట్టిన నిబంధన అది. జనం కొత్త సిమ్ వేసి, ఓటీపీ రాలేదని పదే పదే నొక్కి, గూగుల్ చేత కూడా ఆపించుకుంటారు. ఒక రోజు ఆగి అడిగితే వస్తుంది.

ఈయన నంబర్ ఎనిమిది నెలలుగా వాడలేదు. ప్రీపెయిడ్ నంబర్ 90 రోజులు ఏ వాడకమూ లేకుండా ఉంటే ఆపేయవచ్చు. ఆపేశాక కనీసం 90 రోజులు ఎవరికీ ఇవ్వకూడదు, ఆ తర్వాత ఇంకొకరికి ఇవ్వొచ్చు. 2023లో సుప్రీంకోర్టులో ట్రాయ్ చెప్పింది కూడా ఇదే. మూడు నెలలు, మూడు నెలలు కలిపితే ఆరు. ఎనిమిది నెలలంటే ఈపాటికి వేరేవాళ్ల చేతిలో ఉండొచ్చు. అయినా నాన్నగారిని ఒకసారి స్టోర్‌లో అడగమనండి, ఇంకా ఎవరికీ ఇవ్వకపోతే ఏమంటారో తెలుస్తుంది.

కొండగట్టువాసి
నాన్న అడిగొచ్చాడు. ఆ నంబర్ వేరేవాళ్లకి ఇచ్చేశారట. ఇక్కడి నుంచి ఫోన్ చేస్తే ఎవరో ఆవిడ ఎత్తింది, అనంతపురం అన్నది. ఓటీపీ వస్తే చెప్తారా అని అడగనా?

గోదారిగట్టు
అడుగు తమ్ముడూ, మర్యాదగా విషయం చెప్పు. నీ ఖాతానే కదా, తప్పేముంది?

మల్లెతీగ
నేనైతే చెప్పను. ముక్కూమొహం తెలియనివాళ్లు ఫోన్ చేసి ఓటీపీ చెప్పమంటే చెప్పకూడదనే కదా అందరూ మొత్తుకుంటున్నారు. పాపం ఆవిడ భయపడుతుంది.

నాగావళి
నాకూ అది ఇష్టం లేదు. ఆవిడ ఒప్పుకోకపోతే అది ఆవిడ జాగ్రత్త. ఒప్పుకున్నా, ఆ నంబర్‌తో ఒక ఖాతా తెరుచుకుంటుందని తెలియని మనిషికి మీరే చెప్పినట్టవుతుంది. పాత ఫోన్ దారి ఉండగా అది ఎందుకు?

గోదారిగట్టు
పాత ఫోన్ పనిచేయకపోతే? అప్పుడు మిగిలేది ఆవిడేగా. పెద్దవాళ్లెవరైనా వెళ్లి ఎదురుగా మాట్లాడితే నమ్ముతారు. ఇందులో నా మాట నాదే.

వేదిక_నిర్వాహకుడు
ఈ దారంలో ఇద్దరు కొత్త సభ్యులు ‘గూగుల్ రికవరీ సర్వీస్, 2,000 రూపాయలు, పని అయ్యాకే డబ్బులు’ అని పెట్టిన పోస్టులు తీసేశాం. వాళ్లు ప్రైవేట్ మెసేజ్‌లు కూడా పంపుతున్నారని ఫిర్యాదు వచ్చింది. మామూలు జీమెయిల్ ఖాతాకి ఫోన్‌లో మాట్లాడి పాస్‌వర్డ్ తీసిచ్చే కస్టమర్ కేర్ లేదు. డబ్బులు తీసుకుని ఖాతా తెరిచిపెట్టే ఏ సంస్థతోనూ గూగుల్‌కి సంబంధం లేదు. స్క్రీన్ చూపించే యాప్ వేసుకోమన్నా, ఆధార్ ఫోటో పంపమన్నా పంపకండి. ఇప్పటికే డబ్బు పోయి ఉంటే వెంటనే 1930కి ఫోన్ చేయండి.

కొండగట్టువాసి
నాకూ వచ్చింది ఆ మెసేజ్. జవాబివ్వలేదు. ఆధార్ పంపితే గూగుల్ వాళ్లు తెరవరా అక్కా? పేరు, పుట్టిన తేదీ అన్నీ సరిపోతాయి.

నాగావళి
తెరవరండి. ఆధార్ పంపి మామూలు జీమెయిల్ పాస్‌వర్డ్ మార్పించుకునే దారి లేదు. ఖాతా తెరిచినప్పుడు మనం ఆధార్ ఇవ్వలేదు కదా, దేనితో పోల్చి చూస్తారు?

పాఠాలపంతులు
మా డిగ్రీ కాలేజీలో విద్యార్థులకి రోజూ ఇదే గోల. నంబర్ మార్చేస్తారు, మెయిల్ తెరుచుకోదు. మా ఆఫీసులో అడ్మిన్ ఒక్క నిమిషంలో పాస్‌వర్డ్ మార్చి ఇస్తాడు. మీరు కూడా కాలేజీకి వెళ్లి అడగండి, చేసి పెడతారు.

నాగావళి
పంతులు గారూ, మీది కాలేజీ పేరుతో ఉన్న గూగుల్ ఖాతా. దానికి కాలేజీ అడ్మినే యజమాని లాంటివాడు, అందుకే మార్చగలడు. `@gmail.com` ఖాతాకి అలాంటి అడ్మిన్ ఉండడు. కానీ మీ మాటలో ఒక పనికొచ్చే సంగతి ఉంది. కొండగట్టువాసి గారూ, మీ రికవరీ మెయిల్ కాలేజీదే కదా. అక్కడి అడ్మిన్ ఆ పాత మెయిల్‌ని అదే పేరుతో మళ్లీ సృష్టించగలడు. పాత ఉత్తరాలు రావు, కానీ కొత్తగా పంపే కోడ్ అందులో పడుతుంది. పాత ఫోన్ కుదరకపోతే రెండో దారిగా పెట్టుకోండి. ప్రిన్సిపాల్‌కి ఒక ఉత్తరం, పాత హాల్ టికెట్ నకలు పట్టుకెళ్తే వినవచ్చు. ఆ డొమైన్ ఇంకా కాలేజీ చేతిలోనే ఉండాలి, అదొక్కటే షరతు.

కొండగట్టువాసి
ఇది నాకు తట్టనే లేదు. మా బావని కాలేజీకి పంపిస్తాను. ఓటీజీ కూడా ఈరోజు కొంటున్నారు.

మల్లెతీగ
నాగావళి గారూ, మధ్యలో వస్తున్నందుకు ఏమనుకోకండి. మా అమ్మది ఇంకా కష్టంగా ఉంది. విజయవాడ. ఫోన్ నెమ్మదిగా ఉందని మా తమ్ముడు రీసెట్ చేసేశాడు. నంబర్ మారి రెండేళ్లయింది. రికవరీ మెయిల్ ఎవరిదో, నెట్ సెంటర్ అబ్బాయి పెట్టిందట. పాస్‌వర్డ్ అమ్మకి సగం సగం గుర్తుంది. ఇంట్లో డెస్క్‌టాప్ ఒకటుంది, అందులో ఎప్పుడో తెరిచేది.

నాగావళి
మల్లెతీగ గారూ, ఉన్నది ఉన్నట్టు చెప్తాను. మీకు మిగిలింది ఆ డెస్క్‌టాప్, ఇంటి నెట్, అమ్మగారి జ్ఞాపకం. డెస్క్‌టాప్‌లో అమ్మగారు వాడిన అదే బ్రౌజర్ తెరవండి. అది క్రోమ్ అయితే అడ్రస్ రాసేచోట ఇది కొట్టండి:

```
chrome://password-manager/passwords
```

ఫైర్‌ఫాక్స్ అయితే:

```
about:logins
```

అక్కడ `google.com` పేరుతో ఏమైనా దాచి ఉంటే విండోస్ పిన్ అడిగి చూపిస్తుంది. లేకపోయినా, అమ్మగారు వేరే సైట్లకి పెట్టుకున్న పాస్‌వర్డ్‌లు కనిపిస్తే ఆమె ఏ తరహాలో పెడతారో అర్థమవుతుంది, సగం గుర్తున్నది పూర్తవుతుంది. ఆ తర్వాత డౌన్‌లోడ్స్‌లో `Backup-codes` అని వెతకండి. ఎప్పుడైనా రెండంచెల భద్రత పెట్టి కోడ్‌లు దించుకుని ఉంటే ఫైలు ఆ పేరుతోనే మొదలవుతుంది. అందులో ఎనిమిదంకెల కోడ్‌లుంటాయి, ఒక్కోటీ ఒక్కసారే పనిచేస్తుంది.

ఇవి రెండూ చూశాకే, అదే బ్రౌజర్లో, ఇంట్లో నుంచే రికవరీ పేజీ తెరవండి. పాత పాస్‌వర్డ్ అడిగినప్పుడు తెలియదని దాటేయకండి, గుర్తున్న వాటిలో అన్నిటికన్నా కొత్తది రాయండి. ‘మీ ఖాతాకి జత చేసిన ఈమెయిల్’ అని అడిగితే రికవరీ మెయిల్ ఒక్కటే కాదు, ఎప్పుడైనా ఆల్టర్నేట్ మెయిల్‌గా చేర్చినది కూడా రాయొచ్చు. మీ తమ్ముడిదో, మీదో అమ్మగారి ఖాతాలో చేర్చారేమో గుర్తుచేసుకోండి. అడగగానే తెరవకపోవచ్చు. కొన్ని గంటలో, కొన్ని రోజులో ఆగమనొచ్చు. రెండంచెల భద్రత ఉన్న ఖాతాకైతే పరిశీలనకి మామూలుగా మూడు నుంచి ఐదు పనిదినాలు పడుతుందని గూగులే చెప్తుంది. ఆ మధ్యలో ఇంకో అర్జీ పెట్టకండి.

మల్లెతీగ
చూసి చెప్తానండి. రాకపోతే?

నాగావళి
గుర్తుపట్టిన ఫోన్ లేక, పాస్‌వర్డ్ సరిపోక, కోడ్‌లూ లేకపోతే కొన్ని ఖాతాలు తిరిగి రావు. అప్పుడు ఆ మెయిల్ పెట్టిన బ్యాంకు, గ్యాస్, కరెంటు ఖాతాలన్నిటిలో కొత్త మెయిల్ మార్పించుకోవడమే మిగులుతుంది. ఇంకొకటి, ఖాతాని రెండేళ్లపాటు ఏ రకంగానూ వాడకపోతే గూగుల్ తీసేసే హక్కు పెట్టుకుంది. 2023 డిసెంబర్ నుంచి అది అమల్లో ఉంది. అందుకే మీరు ఎక్కువ రోజులు ఆలస్యం చేయకండి.

కొండగట్టువాసి
అక్కా, ఫోన్ ఆన్ అయింది! ముందు చాలాసేపు నల్లగానే ఉండిందట, కరీంనగర్ అన్న చెప్పినట్టు అలాగే వదిలేశారు. మౌస్ పెట్టి చెల్లె పిన్ కొట్టింది. ఇంటి వైఫై పాస్‌వర్డ్ మారింది, అది కూడా మౌస్‌తోనే కొట్టింది. జీమెయిల్ తెరిచి చూస్తే కొత్త మెయిళ్లు దిగుతున్నాయి. ఇప్పుడు నేను ఇక్కడి నుంచి రికవరీ పెట్టనా?

నాగావళి
చాలా సంతోషం. మీరు దోహా నుంచి ఏమీ నొక్కకండి. పనంతా ఆ ఫోన్‌లోనే, ఆ ఇంట్లోనే జరగాలి. చెల్లిని వీడియో కాల్‌లో వేరే ఫోన్‌తో కూర్చోబెట్టండి.

అన్నిటికన్నా ముందు, అర్జెంట్ సర్టిఫికెట్లు ఆ జీమెయిల్ నుంచే మీ ఇంకో మెయిల్‌కో, చెల్లి మెయిల్‌కో ఫార్వర్డ్ చేయించండి. ఆ తర్వాత ఏ అడ్డు వచ్చినా మీ ఉద్యోగం పని ఆగదు.

ఆ తర్వాత ఫోన్ సెట్టింగ్స్‌లో `Google`, అందులో `Manage your Google Account`, పైన `Security`తో మొదలయ్యే ట్యాబ్. అక్కడ పాస్‌వర్డ్ మార్చేచోట ముందు పాత పాస్‌వర్డ్ అడుగుతుంది. `Forgot password` నొక్కండి. మీ కొత్త ఫోన్‌లో నొక్కినప్పుడు 41 నంబర్ చూపించింది కదా, ఇక్కడ నొక్కితే ఫోన్ స్క్రీన్ లాక్‌తో నిరూపించుకోమని అడిగే అవకాశం ఎక్కువ. 41 నంబరే మళ్లీ చూపిస్తే కోడ్ పంపించకండి, ఆవిడకి మెసేజ్ వెళ్తుంది. `Try another way` నొక్కి స్క్రీన్ లాక్ వచ్చేదాకా చూడండి.

పాస్‌వర్డ్ మారిందా, అదే పేజీలో రికవరీ ఫోన్‌గా మీ ఖతార్ నంబర్, రికవరీ మెయిల్‌గా బతికున్న మెయిల్. పని మొత్తం అయ్యేదాకా ఆ ఫోన్ నుంచి ఖాతా సైన్ అవుట్ చేయొద్దు.

సెల్‌షాప్_కరీంనగర్
బ్యాటరీ ఎంత ఉందో చూస్తూ ఉండమనండి. ఇరవై శాతం కిందికి వస్తే మౌస్ తీసి చార్జింగ్ పెట్టి, మళ్లీ మొదలుపెట్టండి. మధ్యలో ఆఫ్ అయితే మళ్లీ మొదటికొస్తుంది.

కొండగట్టువాసి
సర్టిఫికెట్లు ఫార్వర్డ్ అయ్యాయి, నా చేతిలో ఉన్నాయి. పాస్‌వర్డ్ చోట మొదట 41 నంబరే వచ్చింది. `Try another way` నొక్కితే స్క్రీన్ లాక్ అడిగింది. చెల్లె పిన్ కొట్టగానే కొత్త పాస్‌వర్డ్ పెట్టుకోమంది. పెట్టాం. ఖతార్ నంబర్ చేర్చితే ఇక్కడ నాకు కోడ్ వచ్చింది, చెల్లెకి చెప్పాను, తీసుకుంది. ఆ తర్వాత నా కొత్త ఫోన్‌లో లాగిన్ చేస్తే ‘మీ శాంసంగ్ ఫోన్ చూడండి’ అని స్క్రీన్ మీద ఒక అంకె వచ్చింది. అక్కడ చెల్లె మౌస్‌తో అదే అంకె నొక్కింది. పాప ఫోటోలన్నీ ఉన్నాయి. మీ అందరికీ దండాలు.

ఒక అనుమానం. పాత 41 నంబర్ తీసేశాను. ఇక ఆవిడకి కోడ్ వెళ్లదు కదా?

నాగావళి
వెంటనే ఆగిపోదండి. రికవరీ నంబర్ మార్చాక కూడా ఒక వారంపాటు పాత నంబర్‌కి కోడ్ పంపమంటారా అని గూగుల్ అడగవచ్చు. ఖాతా దొంగిలించినవాడు నంబర్ మార్చేస్తే అసలు యజమానికి వెనక్కి తెచ్చుకునే అవకాశం ఉండాలని పెట్టారు. మీ విషయంలో ఆ వారం కొంచెం జాగ్రత్తగా ఉండాలి. ఆవిడకి మీ మెయిల్ ఐడీ తెలియదు కాబట్టి పెద్ద భయం లేదు, ‘ఇది మీరేనా’ అని ఏదైనా హెచ్చరిక వస్తే మాత్రం కాదని నొక్కండి.

ఇంకో చోట కూడా చూడండి. రికవరీ ఫోన్ వేరు, రెండంచెల భద్రతకి పెట్టే నంబర్ వేరు, ‘పర్సనల్ ఇన్ఫో’లో ఉండే ఫోన్ నంబర్ వేరు. ఒక చోట తీస్తే మిగతా చోట్ల దానంతటదే పోదు. మూడూ తెరిచి 41 ఎక్కడున్నా తీసేయండి. అదే చేత్తో రెండంచెల భద్రత ఆన్ చేసి, బ్యాకప్ కోడ్‌లు తీసి కాగితం మీద రాసి, పాస్‌పోర్ట్‌తో పాటు పెట్టుకోండి. గూగుల్ 2025లో రికవరీ కాంటాక్ట్‌లు కూడా తెచ్చింది. నమ్మకమైనవాళ్లని చేర్చుకుంటే మీరు బయట చిక్కుకున్నప్పుడు వాళ్ల ఫోన్‌లో ఒక అంకె నొక్కి, ఇది మీరేనని వాళ్లు చెప్పగలరు. చెల్లిని చేర్చండి.

ఓరుగల్లు_శీను
బ్యాంకు ఖాతాలో కూడా ఆ 41 నంబరే ఉండి ఉంటుంది కదా? అది ఇంతకంటే పెద్ద సమస్య.

కొండగట్టువాసి
అవునన్నా, ఒక బ్యాంకులో అదే ఉంది. సెలవుకి వెళ్తే తప్ప మారదంటున్నారు. దాని గురించి వేరే దారం పెడతాను.

మల్లెతీగ
డెస్క్‌టాప్‌లో గూగుల్ పాస్‌వర్డ్ దొరకలేదండి. కానీ అమ్మ మిగతా అన్నిటికీ మా తాతగారి ఊరి పేరు, చివర పాత స్కూటర్ నంబర్ పెట్టేదని తెలిసింది. అదే బ్రౌజర్లో అలాంటిది రాసి చూస్తే, 48 గంటలు ఆగమని వచ్చింది. మా తమ్ముడు వేరే ఫోన్ నుంచి కూడా ఒకసారి చూద్దామంటున్నాడు.

నాగావళి
తమ్ముడిని ఆపండి. 48 గంటలు అయ్యాక అదే డెస్క్‌టాప్ ముందు అమ్మగారిని కూర్చోబెట్టి తెరవండి. ఏమొచ్చిందో ఇక్కడ రాయండి.